అప్‌డేట్: కొత్త క్లాస్ టీచర్ మెసేజ్‌లు అందరికీ వస్తున్నాయి

నా ప్రశ్న: "కొత్త క్లాస్ టీచర్ వాట్సాప్‌లో పంపే హోంవర్క్ కొందరు పేరెంట్స్‌కే వస్తోంది, ఎందుకు?"

సలహాలిచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్. మేడమ్ ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వాడుతున్నారు అన్నవాళ్లదే కరెక్ట్. మేడమ్ నంబర్ మన ఫోన్లో సేవ్ అయి ఉంటేనే ఆ లిస్ట్ మెసేజ్ మనకు చేరుతుంది. నెట్, మ్యూట్, యాప్ అప్‌డేట్‌లకు దీంతో సంబంధం లేదు.

పేరెంట్స్ గ్రూపులో నేను పెట్టింది ఇదే: "కొత్త క్లాస్ టీచర్ నంబర్ కింద ఉంది. స్కూల్లో ఏ నంబర్ ఇచ్చారో ఆ ఫోన్లోనే సేవ్ చేసుకోండి. విదేశాల్లో ఉన్నవాళ్లు ముందు +91 పెట్టండి."

అయినా ఇద్దరికి రాలేదు. నాన్న ఫోన్లో సేవ్ చేశారు, లిస్టులో ఉన్నది అమ్మ నంబర్! అది సరిచేశాక వచ్చాయి. పాత హోంవర్క్ మాత్రం మేడమ్‌తో మళ్లీ పంపించుకున్నాం.