అప్‌డేట్: ఆరు పనుల జాబితాలో మొదటి పని దగ్గరే ఆగిపోవడం

నా ప్రశ్న: "మర్నాడు చేయాల్సిన ఆరు పనులు ముఖ్యమైన వరుసలో రాత్రే రాసుకుని, ఒకటి పూర్తయ్యాకే తర్వాతిది మొదలుపెడుతున్నాను. మొదటిదే కదలకపోతే రెండోదానికి వెళ్లొచ్చా?"

మూడు వారాలు చూశాక తెలిసింది, తప్పు వరుసలో లేదు, నేను పని రాసే తీరులో ఉంది. నేను అకౌంట్స్ చూస్తాను. మొదటి పనిగా "జీఎస్టీ రిటర్న్ వేయాలి" అని రాసేదాన్ని. క్లయింట్ నుంచి కొనుగోలు బిల్లులు రాకపోతే టెన్షన్‌తో తేలికైన ఐదో పనికి దూకేసేదాన్ని. ఇప్పుడు నా చేతిలో ఉన్న భాగాన్నే రాస్తున్నాను: మొదటిది "బిల్లుల కోసం ఫోన్ చేయాలి", రెండోది "అమ్మకాల లెక్క సరిచూడాలి". రిటర్న్ వేయడం బిల్లులు అందాకే జాబితాలోకి వస్తుంది.

మొన్న మంగళవారం నాలుగే పూర్తయ్యాయి. మిగిలిన రెండింటినీ రాత్రి మళ్లీ కొత్తగా బేరీజు వేశాను. గడువు దగ్గరపడిందని ఆరోది మొదటికి వచ్చింది.