టెక్కెన్ 8: బ్లాక్ చేశాక కొడితే నాకే ఎందుకు తగులుతోంది? ఫ్రేమ్ డేటా ఇప్పుడే నేర్చుకోవాలా?

కొత్తజిన్: బ్రాలర్ ర్యాంక్ దగ్గర ఆగిపోయాను. జిన్‌తో ఆడతాను. ఎదుటివాడి దెబ్బ బ్లాక్ చేసి వెంటనే కొడితే మళ్లీ నాకే తగులుతోంది. ఆగితే వాడు ఆపడు. ఫ్రేమ్ డేటా నేర్చుకోమని కొందరు, ఈ ర్యాంకులో దండగ అని కొందరు. ఏం చేయాలి?

వీరబాదుడు: సింపుల్ బ్రో. బ్లాక్ చేశాక వాడి మూవ్ మైనస్ అయితే కొట్టు, ప్లస్ అయితే ఆగు. ప్రాక్టీస్‌లో ఫ్రేమ్ డిస్‌ప్లే ఆన్ చేస్తే కనిపిస్తుంది.

పాతప్యాడ్: సగమే కరెక్ట్, ఆ మిగతా సగమే ఈయన్ని ముంచుతోంది. మైనస్ అంటే ముందు కదిలే అవకాశం మీకు వచ్చిందని మాత్రమే. మీ దెబ్బ ఖాయంగా తగులుతుందని కాదు.

ఆట సెకనుకు 60 ఫ్రేములు నడుస్తుంది. జిన్ చేతిలో అన్నిటికంటే వేగమైనది జాబ్, అది 10వ ఫ్రేములో తగులుతుంది. వాడి మూవ్ -9 అనుకోండి. వాడికంటే 9 ఫ్రేములు ముందు మీరు కదలగలరు, కానీ మీ జాబ్ చేరేసరికి వాడు గార్డ్ పెట్టేసి ఉంటాడు. అదే -10 అయితే గార్డ్ పెట్టడానికి టైమ్ లేదు, తినాల్సిందే. టెక్కెన్‌లో అన్‌సేఫ్ అనే మాట ఈ 10 దగ్గర మొదలవుతుంది.

ఇప్పుడు హాప్‌కిక్ తీసుకోండి, మీ ర్యాంకులో రోజూ చూసేదే. జిన్‌దే చూస్తే బ్లాక్ చేశాక -13. మీ జాబ్‌కి 10 పోగా మిగిలేది 3 ఫ్రేములు, అంటే సెకనులో 20వ వంతు. బ్లాక్ అయ్యాక "ఆ, హాప్‌కిక్" అనుకుని నొక్కితే ఎప్పుడూ లేటే. వాడు గాల్లోకి లేచినప్పుడే గుర్తుపట్టాలి, మీ జిన్ ఇంకా బ్లాక్‌లో వణుకుతుండగానే 1,2 బటన్లు నొక్కేయాలి. ప్రాక్టీస్‌లో బొమ్మ హాప్‌కిక్ కొట్టి తర్వాత గార్డ్ పట్టేలా రికార్డ్ చేయండి. మీ జాబ్ గార్డ్‌కి తగిలిందంటే లేట్ అయ్యారు. రెండో స్లాట్‌లో ఒక సేఫ్ మూవ్ రికార్డ్ చేసి రెండూ కలిపి ఆడించండి, లేకపోతే చూడకుండా నొక్కడమే అలవాటవుతుంది.

సిక్స్‌బటన్: నాదీ ఇదే గోల. స్ట్రీట్ ఫైటర్ 6లో డ్రైవ్ ఇంపాక్ట్ బ్లాక్ చేసి కొడతాను, ఒక్కసారి కూడా తగల్లేదు. నా చేతులే స్లో ఏమో.

పాతప్యాడ్: మీ చేతుల తప్పు కాదండీ. అక్కడ వేగమైన దెబ్బలు 4 ఫ్రేములు, డ్రైవ్ ఇంపాక్ట్ బ్లాక్ అయితే -3. ఒక్క ఫ్రేముతో వాడు బతికిపోతాడు. ఏ ఆటకి ఆ గీత వేరు, టెక్కెన్‌లో చెప్పిన 10 అక్కడ పనిచేయదు.

రాత్రిషిఫ్ట్: ఈ లెక్కలన్నీ నిజమే అన్నా, కానీ బ్రాలర్‌లో ఉన్నవాళ్లకి ఇవి భారం. ఆన్‌లైన్‌లో లాగ్ ఉంటే మీ 3 ఫ్రేములు ఎక్కడ మిగులుతాయి? నేనైతే కంటికి కనిపించే పెద్ద తప్పులతో మొదలుపెట్టమంటాను. బ్రయాన్ స్నేక్ ఎడ్జ్ నెమ్మదిగా వస్తుంది, చూసి కూర్చుని బ్లాక్ చేయొచ్చు. చేశాక -26, హాప్‌కిక్‌తో ఎత్తేయడానికి తీరిగ్గా టైమ్ ఉంటుంది. ఇలాంటివి నాలుగైదు వస్తే ర్యాంక్ కదులుతుంది.

పాతప్యాడ్: స్నేక్ ఎడ్జ్‌తో మొదలుపెట్టడం మంచిదే, ఒప్పుకుంటాను. కానీ కాళ్ల మీదికొచ్చే వేరే లో దెబ్బల దగ్గరా ఇలాగే హాప్‌కిక్ కొడదామంటే కుదరదమ్మా. -12, -13 దగ్గర అది అందదు. లో బ్లాక్ చేశాక మీరు కూర్చుని ఉంటారు, నిలబడి కొట్టే 1,2 రాదు. లేస్తూ కొట్టే 4 వాడాలి, చాలామందికి అది 11 ఫ్రేములు. ఏది ఎక్కడ అందుతుందో తెలియాలంటే ఒకటి రెండు నంబర్లయినా తప్పవు.

కొత్తజిన్ గారూ, ఇంతకీ మీకు తగులుతున్నది ఏ దెబ్బ? వేరే మూవా, అదే స్ట్రింగ్‌లో తర్వాతిదా? ఓడిన మ్యాచ్ రీప్లే తెరిచి, ఆ చోట ఆపి, కంట్రోల్ మీరే తీసుకుని చూడండి. స్ట్రింగ్ అయిపోకముందే నొక్కుతుంటే పైన చెప్పిన లెక్కేదీ మీకు వర్తించదు.

వీరబాదుడు: -9కి కూడా కొడితే నాకు చాలాసార్లు తగులుతుంది మరి?

పాతప్యాడ్: వాడు కూడా ఏదో నొక్కుతున్నాడు కాబట్టి. గార్డ్ పట్టుకునేవాడి మీద చేసి చూడండి.

కొత్తజిన్: రీప్లే చూశాను అన్నా. లా అనే క్యారెక్టర్‌తో ఆడేవాడు రెండు దెబ్బలు కొట్టి ఆపుతున్నాడు, అయిపోయిందని నేను నొక్కగానే మూడోది వదులుతున్నాడు. ఒక్కోసారి నిజంగానే ఆపేస్తున్నాడు. అది ముందే ఎలా తెలుస్తుంది?

పాతప్యాడ్: లేటుగా వచ్చే దెబ్బని చూసి తెలుసుకోలేరు, అక్కడ ఊహించాల్సిందే. ముందు ఆ మూడోది బ్లాక్ చేస్తే ఎంత మైనస్ వస్తుందో ప్రాక్టీస్‌లో చూడండి. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే మొదటి రౌండంతా ఆగి దానికోసం కాచుకోండి. 10 కంటే తక్కువైతే వాడు రెండోదాని దగ్గర ఎన్నిసార్లు ఆపుతున్నాడో గమనించాలి.

రాత్రిషిఫ్ట్: నేనైతే ఆగను, రెండోదాని తర్వాత పక్కకి తప్పుకుంటాను.

పాతప్యాడ్: ఆ మూడోది పక్కకి వెళ్లినా వెంటాడే రకమైతే?