వాన తర్వాత టార్గెట్ 213 ఎలా అయింది? స్కోర్‌బోర్డు స్క్రీన్‌షాట్ అర్థం కావట్లేదు

కొత్తగా_చూస్తున్నా

అందరికీ నమస్కారం. క్రికెట్ చూడడం ఈమధ్యే మొదలుపెట్టాను. ఇప్పుడు నడుస్తున్న వన్డేలో మొదటి జట్టు 50 ఓవర్లలో 250 కొట్టింది. రెండో జట్టు 20 ఓవర్లకు 100/2 దగ్గర ఉండగా వాన పడి ఆట ఆగింది. మళ్ళీ మొదలయ్యాక యాప్‌లో ఇలా ఉంది:

```
128/3 (24.3/40 ov)
Target: 213 (DLS)
CRR: 5.22   RRR: 5.48
Need 85 runs in 93 balls
```

రెండు సందేహాలు. మిగిలింది 15.3 ఓవర్లు, కావాల్సింది 85. భాగిస్తే 5.56 వస్తోంది, యాప్‌లో 5.48 ఉంది. ఇక రెండోది, 251 కాస్తా 213 ఎలా అయింది?

మిడాఫ్

యాప్ తప్పు చూపిస్తోంది. 50 ఓవర్లకు 250 అంటే ఓవరుకు 5. 40 ఓవర్లకు 200, గెలవడానికి 201. ఇంత సింపుల్ లెక్కకి ఆ 213 ఎక్కడి నుంచి వచ్చింది?

స్కోర్‌బుక్

మిడాఫ్ గారూ, మీరు చెప్పింది పాత సగటు రన్‌రేటు పద్ధతి. ఒకప్పుడు అలాగే చేసేవారు, ఇప్పుడు కాదు. దాని సంగతి తర్వాత చెప్తాను, ముందు మొదటి సందేహం తీరుద్దాం.

24.3 అంటే దశాంశం అనుకోకండి. 24 ఓవర్లు అయిపోయి, తర్వాతి ఓవర్లో 3 బంతులు పడ్డాయని అర్థం. చుక్క తర్వాత అంకె 5 దాటదు, ఆరో బంతి పడగానే 25 అయిపోతుంది. అంటే మిగిలింది 15 ఓవర్ల 3 బంతులు, 93 బంతులు. దాన్ని ఓవర్లలో రాస్తే 15.5. 85ని 15.5తో భాగించండి, 5.48 వస్తుంది. అనుమానం వచ్చినప్పుడల్లా బంతుల్లోకి మార్చుకుంటే చాలు: పరుగులు × 6 ÷ బంతులు. 128 × 6 ÷ 147 చేస్తే పైనున్న 5.22 కూడా సరిపోతుంది.

ఇప్పుడు 213. యాప్‌లో DLS అని ఉన్న డక్‌వర్త్-లూయిస్-స్టెర్న్ పద్ధతి ఓవర్లను మాత్రమే లెక్కపెట్టదు. మిగిలిన ఓవర్లు, చేతిలో ఉన్న వికెట్లు, రెండూ కలిపి జట్టు దగ్గర ఎంత సత్తా మిగిలిందో శాతంలో చెప్తుంది. 50 ఓవర్లు, 10 వికెట్లు ఉంటే 100 శాతం.

వాన వచ్చినప్పుడు రెండో జట్టుకు 30 ఓవర్లు ఉన్నాయి, 2 వికెట్లు పడ్డాయి. ఈ శాతాల పట్టికలో దాని విలువ 67.3. ఆట మళ్ళీ మొదలయ్యేసరికి 20 ఓవర్లే మిగిలాయి, వికెట్లు అవే 2. దాని విలువ 52.4. అంటే వాన 14.9 శాతం పట్టుకుపోయింది. మిగిలింది 85.1. 250లో 85.1 శాతం 212.75. దశాంశం వదిలేస్తే 212, ఇది సమం చేసే స్కోరు. గెలవాలంటే ఇంకొకటి, 213.

మిడాఫ్ గారి లెక్క తప్పేది ఇక్కడే. ఓవర్ల లెక్కన చూస్తే పోయిన 10 ఓవర్లు మొత్తంలో 20 శాతం. కానీ చేతిలో 8 వికెట్లు అలాగే ఉన్నాయి. తక్కువ ఓవర్లలో 8 వికెట్లు ఉంటే కాస్త తెగించి ఆడొచ్చు, అందుకే నష్టం 14.9 శాతమే. టార్గెట్ తగ్గినా కావాల్సిన రన్‌రేటు పెరిగింది చూడండి: వానకు ముందు 30 ఓవర్లలో 151, ఓవరుకు 5.03. తర్వాత 20 ఓవర్లలో 113, ఓవరుకు 5.65.

కొత్తగా_చూస్తున్నా

ఓవర్ల లెక్క అర్థమైందండీ, థాంక్స్. అయితే వాన మళ్ళీ వచ్చి ఆట ఇక జరగకపోతే 213 కొట్టనందుకు ఓడిపోతారా?

లాంగ్‌ఆన్

నాదీ ఇలాంటి సందేహమే. మేం ఆడిన ఒక 20 ఓవర్ల మ్యాచ్‌లో మేం ముందు బ్యాటింగ్ చేశాం, మధ్యలో వాన పడి మా ఇన్నింగ్స్ కోసేశారు. వాళ్ళకి మేం కొట్టిన దానికన్నా ఎక్కువ టార్గెట్ ఇచ్చారు! ఇదెక్కడి న్యాయం?

స్కోర్‌బుక్

ముందు అసలు ప్రశ్న. లేదు, అప్పుడు 213 అక్కర్లేదు. ఆ క్షణానికి పార్ స్కోరు, అంటే అక్కడికి సమం అయ్యే స్కోరు, ఎంతో చూస్తారు. వన్డేలో రెండో జట్టు కనీసం 20 ఓవర్లు ఆడి ఉండాలి, టీ20లో 5. అంతకుముందే ఆగిపోతే ఫలితం ఉండదు.

పార్ బంతి బంతికీ మారుతుంది, వికెట్ పడితే ఒక్కసారిగా ఎగిరి దూకుతుంది. ఈ మ్యాచ్‌లోనే 10 ఓవర్లు మిగిలి ఉన్నప్పుడు వాన పడిందనుకోండి. 2 వికెట్లే పోయి ఉంటే పార్ 135, 4 పోతే 142, 6 పోతే 155. అదే ఓవరు, నాలుగు వికెట్ల తేడాకి 20 పరుగులు. మబ్బు పట్టినప్పుడు వికెట్ కాపాడుకోవడం ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇప్పుడున్న 24.3 ఓవర్ల దగ్గర పార్ ఎంతో యాప్‌లో `DLS Par` అని వేరే వరసలో ఉంటుంది, అది చూడండి.

ఒక చిక్కు: పార్ అంటే సమం, గెలుపు కాదు. 2003 ప్రపంచ కప్‌లో డర్బన్‌లో శ్రీలంక మీద దక్షిణాఫ్రికా దీన్నే గెలుపు స్కోరు అనుకుంది. 45 ఓవర్లకు 229 చేయాలని లోపలికి కబురు వెళ్ళింది. బౌచర్ సిక్స్ కొట్టి 229కి చేర్చి, తర్వాతి బంతిని అడ్డుకుని ఊరుకున్నాడు. వానకు ఆట ఆగిపోయింది, మ్యాచ్ టై, ఆతిథ్య జట్టు ఇంటికి.

లాంగ్‌ఆన్ గారూ, మీది వేరే కథ. మీరు 20 ఓవర్లు ఉన్నాయని వికెట్లు దాచుకుంటూ ఆడారు, చివరి ఓవర్లలో కొడదామనుకునే లోపు ఇన్నింగ్స్ కోసేశారు. అవతలి జట్టుకి మొదటి నుంచే తక్కువ ఓవర్లని తెలుసు. అందుకే మీ స్కోరును పెంచి చూస్తారు. ఎంత పెంచాలన్నది ఎప్పుడు ఆగింది, ఎన్ని వికెట్లు పోయాయి, ఎన్ని ఓవర్లు పోయాయి అన్నవి చెప్తేనే లెక్కించగలం.

మిడాఫ్

సరే, 213 ఒప్పుకున్నా. కానీ టీవీలో మీరు చెప్పిన పట్టికతో ఒక్కోసారి లెక్క కుదరదు, చాలాసార్లు చూశాను.

స్కోర్‌బుక్

నిజమే. అంతర్జాతీయ మ్యాచ్‌లకు ముద్రించిన పట్టిక వాడరు, కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడతారు. అది మొదటి జట్టు స్కోరును బట్టి శాతాలు మారుస్తుంది, ముఖ్యంగా స్కోరు భారీగా ఉన్నప్పుడు తేడా కనిపిస్తుంది. ఇక్కడ స్కోరు అంత భారీ కాదు, పట్టికతోనూ 213 వచ్చింది.

యాప్ విషయంలో ఇంకొకటి. వాన ఆగిన కొద్దిసేపటి వరకు కొన్ని యాప్‌లు పాత టార్గెట్ మీదే RRR చూపిస్తాయి. బ్రాకెట్లో `/50` ఉంటే అది ఇంకా మారలేదని అర్థం, `/40` అయ్యాకే ఆ రేటును నమ్మండి.

లాంగ్‌ఆన్

మా మ్యాచ్ స్కోర్‌షీట్ దొరికితే పెడతాను. పెంచడం వరకు అర్థమైంది గానీ, 20 ఓవర్ల ఆటకి 50 ఓవర్ల పట్టిక పనికొస్తుందా అన్నది నాకింకా అనుమానమే.

కవర్‌డ్రైవ్

ఆ అనుమానం చాలామందిదండీ. టీ20లో వికెట్లు చేతిలో ఉన్న జట్టుకే ఇది ఎక్కువ కలిసొస్తుందని నా అభిప్రాయం. స్కోర్‌బుక్ గారు ఒప్పుకోరనుకుంటా.

స్కోర్‌బుక్

పూర్తిగా ఒప్పుకోను. షీట్ రానీండి, అంకెలతో మాట్లాడదాం.