మణికట్టు చాక్లెట్ కాగితంలా మెలిపడితే తప్పు వెయిట్లదా, రిగ్‌దా?

బొమ్మలబడి: బ్లెండర్‌లో నా క్యారెక్టర్ అరచేతిని తిప్పగానే మణికట్టు చాక్లెట్ కాగితం మెలిపెట్టినట్టు సన్నబడిపోతోంది, మోచేయి దగ్గరా కొంచెం అంతే. వెయిట్ పెయింటింగ్‌తోనే పోతుందా, రిగ్ మార్చాలా? క్యారెక్టర్ మొబైల్ గేమ్‌కి వెళ్లాలి.

రంగులకుంచె: రిగ్ జోలికి వెళ్లకు బ్రో. మణికట్టు దగ్గర ఇంకో మూడు లూప్ కట్‌లు వేసి, బ్లర్ బ్రష్‌తో చేతి వెయిట్‌ని ముంజేయి సగం దాకా లాగు. మూడేళ్లుగా నేను చేస్తున్నది ఇదే.

ఎముకలశాల: అలా లాగితే నొక్కు వెడల్పవుతుంది, లోతు మాత్రం తగ్గదు. బ్లెండర్ ముందు ముంజేయి బోన్ ఒక్కటే లాగితే వర్టెక్స్ ఎక్కడుంటుందో, చేతి బోన్ ఒక్కటే లాగితే ఎక్కడుంటుందో లెక్కేసి, ఆ రెండు చోట్లనూ కలిపే తిన్నని గీత మీద దాన్ని పెడుతుంది. అసలు అది వృత్తం వెంట చుట్టి రావాలి. అడ్డదారిన రావడం వల్ల మధ్యకి, అంటే బోన్ వైపుకి, జారుతుంది. మణికట్టు వ్యాసార్థం 3 సెం.మీ. అనుకుంటే, సగం సగం వెయిట్ ఉన్న రింగ్ 90 డిగ్రీల మెలికకి 2.1 సెం.మీ. అవుతుంది, 120కి 1.5, 180కి సున్నా. బ్లర్ ఎంత చేసినా వెయిట్ 0.5 దాటే చోటు ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుంది.

మీ మోచేతిని బల్ల మీద ఆనించి అరచేయి తిప్పి చూడండి. మోచేయి కదలదు, మణికట్టు పూర్తిగా తిరుగుతుంది, మధ్యలో ముంజేయి కొంచెం కొంచెంగా తిరుగుతుంది. ఆ మధ్యభాగానికి మీ రిగ్‌లో బోన్ లేదు.

మడతపేచీ: నాదీ ఇదే బాధ! మోచేయి పూర్తిగా మడిస్తే లోపలివైపు నలిగిపోతుంది. `Preserve Volume` టిక్ పెడితే మోచేయి వెనక బుడిపెలా ఉబ్బుతోంది.

ఎముకలశాల: మీది మెలిక కాదండీ, మడత. దానికి మోచేయి చుట్టూ లూప్‌లు సరిచూసుకోవాలి, చాలకపోతే దిద్దుబాటు షేప్ కీ పెట్టాలి. మీరు చెప్పిన టిక్ మెలికకి మందు. మడతకి వాడితే మీరు చూసిన ఉబ్బే వస్తుంది.

రంగులకుంచె: అయితే అతనికి ఆ టిక్ చాలుగా? మెలికకి మందు అని మీరే అన్నారు.

గేమ్‌దారి: బ్లెండర్‌లోనే రెండర్ చేసేవాళ్లకి చాలొచ్చు. కానీ ఆ టిక్ మెష్‌తో పాటు బయటికి రాదు. ఇంజిన్‌కి పంపే glTF ఫైల్‌లో స్కిన్నింగ్ పైన చెప్పిన తిన్నని గీత పద్ధతే. ఒక పాత్రకి టిక్ పెట్టి వెయిట్లన్నీ దానికి తగ్గట్టు దిద్దాను, ఇంజిన్‌లో తెరిస్తే మణికట్టు మళ్లీ పుల్లలా ఉంది. రెండు రోజుల పని పోయింది. ఎగుమతి ఉంటే టిక్ తీసేసే వెయిట్లు పెయింట్ చేయండి.

ఎముకలశాల: బొమ్మలబడి గారూ, ఇలా చేయండి. ఎడిట్ మోడ్‌లో ముంజేయి బోన్‌ని నకలు తీయండి, రోల్ అదే ఉంటుంది. నకలు తలని ముంజేయి మధ్యకి జరిపి, అసలు ముంజేయి బోన్‌కి పిల్లగా కట్టండి. చేతి బోన్ తల్లిని మార్చొద్దు. నకలు రొటేషన్ మోడ్ `XYZ Euler` చేసి, దాని Y రొటేషన్‌కి డ్రైవర్ పెట్టండి: `Transform Channel`, చేతి బోన్, `Y Rotation`, మోడ్ `Swing and Y Twist`, `Local Space`. ఎక్స్‌ప్రెషన్ ఇంతే:

```
var * 0.5
```

`Copy Rotation` తో Y ఒక్కటే కాపీ చేసినా సాదా తిప్పుడుకి పనిచేస్తుంది. కానీ మణికట్టు వంచి తిప్పితే ఆ వంపు కూడా కోణంలో కలిసి గెంతులేస్తుంది, అందుకే డ్రైవర్ అంటున్నాను.

వెయిట్లు మోచేయి వైపు సగం ముంజేయికి, మణికట్టు వైపు సగం నకలుకి, ఆపైన చేతికి. ఇప్పుడు 90 డిగ్రీల మెలిక రెండు 45లుగా చీలుతుంది. సన్నబడటం ఒక్కోచోట 8 శాతం లోపే, 3 సెం.మీ. మణికట్టు 2.8 దగ్గర నిలబడుతుంది. పోజ్ మోడ్‌లో చేతిని `R Y Y 90` తో తిప్పి, వేళ్ల వైపు నుంచి చూస్తే తేడా తెలుస్తుంది.

మోచేయి మెలిక వేరే కారణం. ముంజేయి బోన్‌నే Y మీద తిప్పుతున్నట్టున్నారు. దాని Y రొటేషన్‌కి తాళం వేసి, తిప్పుడంతా చేతి బోన్‌తోనే చేయండి.

రంగులకుంచె: లెక్క ఒప్పుకుంటా, 0.5 రింగ్ సంగతి నేను పట్టించుకోలేదు. నా పాత్రలన్నీ ఫుల్ హ్యాండ్స్ వేసుకున్నవే, తిప్పుడు 60 దాటదు. అక్కడ 13 శాతం తగ్గినా చొక్కా కింద కనబడదు. ప్రతి పాత్రకీ ట్విస్ట్ బోన్ కావాలంటే మాత్రం ఒప్పుకోను.

గేమ్‌దారి: దూరంగా కనబడే పాత్రలకి నేనూ పెట్టను, చేతికొకటి చొప్పున బోన్లు పెరుగుతాయి. ఇంకో మాట, డ్రైవర్ కూడా బయటికి రాదు. యానిమేషన్ బేక్ చేసి పంపాలి.

బొమ్మలబడి: బోన్ పెట్టాను, 90కి బాగుంది. కానీ మా వాడు కత్తి తిప్పుతాడు, అరచేయి కింద నుంచి పూర్తిగా పైకి, దాదాపు 170. అక్కడ మళ్లీ సన్నబడుతోంది.

ఎముకలశాల: మీ రెస్ట్ పోజ్‌లో అరచేయి నేలవైపుందా? బొటనవేలు పైకి ఉండేలా చేతిని సగం తిప్పి రెస్ట్ పోజ్ పెట్టుకుంటే అటు 85, ఇటు 85 అవుతుంది, ఇదే బోన్ సరిపోతుంది.

గేమ్‌దారి: మోడల్ అయిపోయాక రెస్ట్ పోజ్ మార్చడం పెద్ద పని అన్నా. నేనైతే రెండో ట్విస్ట్ బోన్ పెడతా.

బొమ్మలబడి: మెష్ అరచేయి కిందికే ఉంది. రెండూ చేసి చూసి రాత్రికి స్క్రీన్‌షాట్లు పెడతా.