మొదటి ఉద్యోగంలో చేరే అమ్మాయికి వెల్‌కమ్ మెయిల్: ఎంతవరకు రాయాలి?

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీమ్‌ను చూసుకుంటున్నాను. సోమవారం ఒక ఫ్రెషర్ చేరుతోంది. ఈలోపు తనకు మెయిల్ పంపాలి.

ఇప్పటికి రాసుకున్నది ఇదీ: సోమవారం పదింటికి రిసెప్షన్ దగ్గరికి నేనే వస్తాను, ఒరిజినల్ సర్టిఫికెట్లు, పాన్ కార్డు తెచ్చుకోండి. ఆ రోజంతా హెచ్‌ఆర్ పనులు, ల్యాప్‌టాప్‌తోనే సరిపోతుంది. మంగళ, బుధవారాల్లో సీనియర్ పక్కన కూర్చుని పని చూడండి. గురువారం పాత టెస్ట్ కేసులు ఓ ఐదు సొంతంగా రన్ చేయండి. శుక్రవారం సాయంత్రం మనిద్దరం అరగంట మాట్లాడుకుందాం.

చిక్కల్లా ఏంటంటే, మా దగ్గర వీపీఎన్, జిరా యాక్సెస్ ఒక్కోసారి బుధవారం దాకా రావు. పోయినసారి చేరిన అబ్బాయి లాగిన్ అవ్వక, తన పొరపాటేమో అనుకుని ఎవరికీ చెప్పకుండా కూర్చున్నాడు. అందుకే "యాక్సెస్ ఆలస్యమైతే అది మీ తప్పు కాదు, నాకు ఫోన్ చేయండి" అని రాద్దామనుకుంటున్నా. చేరకముందే ఇలా రాస్తే కంపెనీ మీద చులకన భావం కలుగుతుందా?

ఇంకొకటి. ఏదైనా అర్థం కాకపోతే అరగంటకు మించి ఒంటరిగా తంటాలు పడకుండా అడగాలి, బగ్ రాస్తే అది మళ్లీ ఎలా వస్తుందో స్టెప్పులన్నీ ఉండాలి. నేను ఆశించేవి ముఖ్యంగా ఈ రెండే. వీటిని మెయిల్‌లోనే పెట్టాలా, శుక్రవారం ఎదురుగా చెప్పాలా? ఈమధ్యే ఉద్యోగంలో చేరినవాళ్లు మీకైతే ఏది నచ్చేదో చెప్పండి.