స్ప్రింట్ మధ్యలో టికెట్ వచ్చి పడితే కాదనాల్సింది ఎవరు?

నిద్రలేని కోడర్: పొద్దుట్నుంచి ఇదే గొడవ, తల వాచిపోయింది. రెండు వారాల స్ప్రింట్, ఆరో రోజు. ఎక్సెల్ రిపోర్టు టికెట్ ఒకటి తెచ్చి స్క్రమ్ మాస్టర్ నా పేరు మీద వేసేశారు. కుదరదంటే ‘ఇది అర్జెంటు’ అంటారు. ఆయనకా హక్కు ఉంది? నేను కాదనొచ్చా?

ఒక్కముక్క: స్ప్రింట్ గోల్ ఏమిటి?

రూల్ అంటే రూల్: గోల్‌తో పనేంటండీ. స్ప్రింట్ మొదలయ్యాక లాక్ అయినట్టే. ఎవరూ ఏదీ కలపకూడదు.

పాతకాపు: లాక్ అనేది ఎక్కడా లేదండీ. గోల్‌ను దెబ్బతీసే మార్పు కూడదు, అంతే. లోపలి పనులు ప్రొడక్ట్ ఓనర్‌తో మాట్లాడుకుని మార్చుకోవచ్చు. స్ప్రింట్ బ్యాక్‌లాగ్ మాత్రం డెవలపర్లది. ఎవరు ఏ పని చేయాలో వాళ్లే తేల్చుకుంటారు. స్క్రమ్ మాస్టర్ టికెట్లు పంచడు.

స్టాండప్ బాధితుడు: అసలు రోగం డైలీ స్క్రమ్‌లో ఉంది. 15 నిమిషాలు డెవలపర్లు తమలో తాము ఆ రోజు ప్లాన్ చూసుకోవాలి. మా దగ్గర అందరూ స్క్రమ్ మాస్టర్ వైపు చూసి హాజరు చెప్పినట్టు చెబుతారు. ‘నిన్న ఏం చేశావు’ ప్రశ్నలు 2020 స్క్రమ్ గైడ్‌లో తీసేశారు కూడా.

ఒక్కముక్క: అది వేరే థ్రెడ్.

నిద్రలేని కోడర్: గోల్: ఫెయిలైన పేమెంట్‌కు డబ్బు వెనక్కి వెళ్లాలి. రీఫండ్ కాల్, రీట్రై, కస్టమర్‌కు మెయిల్ మిగిలాయి. అన్నట్టు ఆ స్క్రమ్ మాస్టరే మా డెలివరీ మేనేజర్. క్లయింట్ నేరుగా ఆయనకే ఫోన్ చేశాడు. ప్రొడక్ట్ ఓనర్ మేడమ్‌కు తెలుసో లేదో.

పాతకాపు: ఇది ముందే చెప్పాల్సింది! ఆయన టికెట్ వేసింది మేనేజర్‌గా, స్క్రమ్ మాస్టర్‌గా కాదు. మీరు ‘కుదరదు’ అనకండి. ప్రొడక్ట్ ఓనర్‌ను పిలిచి ‘రిపోర్టుకు మూడు రోజులు పడుతుంది, మెయిల్ వచ్చే స్ప్రింట్‌కు పోతుంది, సరేనా?’ అని అడగండి. మెయిల్ లేకపోయినా డబ్బు వెనక్కి వెళ్తుంది కాబట్టి గోల్ నిలుస్తుంది. రీట్రై తీసేస్తే నిలవదు. రిపోర్టు ఆగొచ్చంటే బ్యాక్‌లాగ్‌లో ఎక్కడ పెట్టాలో ఆవిడ చూసుకుంటారు. గోల్‌కే అర్థం లేదనుకుంటే స్ప్రింట్ రద్దు చేసే అధికారం కూడా ఆవిడ ఒక్కరిదే.

టెస్టరమ్మ: ఆ మూడు రోజుల్లో టెస్టింగ్ ఉందా? మా టీమ్‌లో అంచనా కోడ్ రాసేవాళ్లే వేస్తారు, చివరి రోజు అంతా నా మీద పడుతుంది.

రూల్ అంటే రూల్: టెస్టర్ డెవలపర్ కాదు కదా.

పాతకాపు: స్క్రమ్‌లో డెవలపరే. టెస్ట్ అయితే గానీ పని ‘డన్’ కాదన్నది మీ టీమ్ ఒప్పందమైతే, ఆవిడ లేకుండా వేసిన అంచనా చెల్లదు.

రూల్ అంటే రూల్: మా కంపెనీలో డిజిగ్నేషన్ వేరండీ.

నిద్రలేని కోడర్: ప్రొడక్ట్ ఓనర్‌తో మాట్లాడాను. మెయిల్ పక్కన పెట్టమన్నారు, థాంక్స్. టెస్టింగ్ లెక్కలో లేదు, అది మళ్లీ చూడాలి. కానీ నా అప్రైజల్ రాసేది ఈయనే, ప్రతిసారీ ఇలా ప్రొడక్ట్ ఓనర్ దగ్గరికి వెళ్తే ఊరుకుంటారా?

ఒక్కముక్క: ఊరుకోరు.