కివీ పండును నూగు తొక్కతో సహా తినవచ్చా?

లతామాధవి
కివీ పండుపై ఉండే గోధుమరంగు నూగు తొక్కను తీయకుండా తినవచ్చని, పోషకాలన్నీ అందులోనే ఉంటాయని మా ఆడపడుచు పట్టుబట్టి చెబుతోంది. ఆమె మాట విని ఒక పండును అలాగే కొరికి చూశాను. నూగు నాలుకకు గరుకుగా తగలడమే కాక, కాసేపటికి గొంతులో సన్నని ముళ్లు గుచ్చుకుంటున్నట్లు అనిపించింది. ఇది నూగు వల్లనా, మరేదైనా కారణమా? తొక్కలో నిజంగా అంత బలం ఉంటే ఓర్చుకుని తినడానికి సిద్ధంగానే ఉన్నాను.

పండ్లరాఘవ
చాలా ఏళ్లుగా పండ్ల వ్యాపారంలో ఉన్నవాడిగా చెబుతున్నాను, మీ ఆడపడుచు మాట అక్షరాలా నిజం. విటమిన్ సి అంతా తొక్కలోనూ తొక్క కిందనూ ఉంటుంది కనుక, చెక్కు తీసి తినేవారికి మిగిలేది తీపి నీళ్లే. ఇక గొంతులో గుచ్చుకోవడానికి కారణం నూగు తప్ప మరొకటి కాదు. పండును కుళాయి ధార కింద పట్టుకుని గరుకు గుడ్డతోనో కూరగాయల బ్రష్‌తోనో రుద్దండి, నూగు చాలావరకు రాలిపోతుంది. కాడ వైపున్న గట్టి బొడిపెను కోసి పారేయండి. పసుపు గుజ్జు ఉండే రకానికైతే తొక్క పలుచగా, దాదాపు నున్నగా ఉంటుంది కాబట్టి కడిగి నేరుగా కొరకవచ్చు.

శ్రీవిద్య (పోషకాహారం)
రాఘవ గారు కడిగే పద్ధతిని చక్కగా చెప్పారు కానీ, విటమిన్ సి విషయంలో ఆయన మాటతో ఏకీభవించలేను. ఆకుపచ్చ కివీ గుజ్జులోనే 100 గ్రాములకు సుమారు 90 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది. చెక్కు తీసిన పండు తిన్నా ఆ విటమిన్ దండిగానే అందుతుంది.

తొక్క వల్ల పెరిగేవి వేరు. సన్‌గోల్డ్ అనే పసుపు రకాన్ని తొక్కతో తింటే పీచు 50 శాతం, ఫోలేట్ 34 శాతం, విటమిన్ ఇ 32 శాతం పెరుగుతాయని విశ్లేషణలు చెబుతున్నాయి. ఈ శాతాలను చూసి చాలామంది ఆశ్చర్యపోతారు కానీ వాటిని గ్రాముల్లోకి మార్చి చూడాలి. పసుపు రకం గుజ్జులో 100 గ్రాములకు పీచు 1.4 గ్రాముల వరకే ఉంటుంది. దానికి సగం కలిపితే 2.1 గ్రాములు అవుతుంది. ఆకుపచ్చ రకంలోనైతే చెక్కు తీసిన గుజ్జులోనే 3 గ్రాములు ఉంటుంది. అంటే పీచు కోసమే అయితే పసుపు పండును తొక్కతో తినడం కంటే ఆకుపచ్చ పండును చెక్కు తీసి తినడమే ఎక్కువ లాభం. ఫోలేట్ పెరుగుదల కూడా పది మైక్రోగ్రాముల లెక్కలో ఉంటుంది, మన రోజువారీ అవసరమేమో వందల మైక్రోగ్రాములు. తొక్క మంచిదే, కానీ గొంతు నొప్పి ఓర్చుకుని తినవలసినంత నిధి అందులో లేదు.

పండ్లరాఘవ
అమ్మా, కాగితం మీది లెక్కలు వేరు, చేతిలోని పండు వేరు. నేను తొక్కతో తింటాను, నాకు ఏ జబ్బూ లేదు. తొక్కలో రోగనిరోధక పదార్థాలు ఎక్కువని మీరు కూడా కాదనలేరు.

శ్రీవిద్య (పోషకాహారం)
మీరు అనేది పాలీఫినాల్స్ అనే మొక్కల రక్షక పదార్థాల సంగతి అయితే, బరువుకు బరువు తూచి చూస్తే గుజ్జులో కంటే తొక్కలో ఎక్కువన్నది ఒప్పుకుంటాను. కానీ మొత్తం పండు బరువులో తొక్క వాటా చాలా తక్కువ. ఆ మాటను వదిలేసి "ఎక్కువ" అన్న ఒక్క మాటనే పట్టుకుంటే సామాన్యులు పొరబడతారు.

గోపాల్_వృక్షశాస్త్రం
లతామాధవి గారు అడిగిన అసలు ప్రశ్న గొంతు గురించి. గుచ్చుకునేది ప్రధానంగా నూగు కాదు. కివీలో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది. అవి గుజ్జులోనూ ఉంటాయి, తొక్కలో మరింత ఎక్కువగా ఉంటాయి. మామూలుగా వాటిని ఒక జిగురు పదార్థం చుట్టి ఉంచుతుంది కాబట్టి పండిన పండును ముక్కలుగా కోసి తింటే అంతగా తెలియదు. అదే పండును మిక్సీలో బాగా తిప్పినా, ఎండబెట్టినా ఆ జిగురు చెదిరి సూదులు బయటపడతాయి. అప్పుడు గొంతు చురుక్కుమంటుంది.

పండ్లరాఘవ
మరి నేను నూగు రుద్ది తీసిన పండును ఇచ్చినప్పుడు గొంతు గుచ్చుకుందన్నవారు ఒక్కరూ లేరే? మీ సూదులు అప్పుడు ఎక్కడికి పోయాయి?

గోపాల్_వృక్షశాస్త్రం
మరి తొక్క పూర్తిగా తీసి మిక్సీలో తిప్పిన గుజ్జు తాగినవారికి గొంతు ఎందుకు మండుతుంది? అందులో ఒక్క నూగు పోగు కూడా లేదు కదా. ఎప్పుడు మొదలయిందో గమనిస్తే కొంత తేడా తెలుస్తుంది. కొరికిన క్షణంలోనే నాలుకకు, పెదవులకు గరుకు తగిలితే అది నూగు. మింగాక గొంతులో మొదలై కాసేపట్లో తగ్గిపోయే గుచ్చుడు స్ఫటికాలది. లతామాధవి గారు "కాసేపటికి" అని రాశారు, ఆ మాటను మీరు చదవనే లేదు.

విమల_తల్లి
మీ ఇద్దరి వాదనలో అసలు ప్రమాదం మరుగున పడుతోంది. మా అబ్బాయికి కివీ తిన్న కొద్ది నిమిషాలకే పెదవులు ఉబ్బి, చెవుల లోపల దురద మొదలైంది. అది అలర్జీ అని వైద్యులు తేల్చారు. తొక్క తీసి పెట్టినా వాడికి అదే జరిగింది. నూగు, సూదులు అంటూ ఓర్చుకుని తినమని చెప్పే ముందు దయచేసి ఈ సంగతి ఆలోచించండి.

శ్రీవిద్య (పోషకాహారం)
విమల గారి మాట చాలా ముఖ్యం. కివీలో ఆక్టినిడిన్ అనే ఎంజైమ్ ఉంది. అలర్జీకి అదే ప్రధాన కారణాలలో ఒకటి. అది గుజ్జులోనే పుష్కలంగా ఉంటుంది కనుక తొక్క తీసినంత మాత్రాన రక్షణ లభించదు. బర్చ్ చెట్టు పుప్పొడి లేదా రబ్బరు పాలతో చేసే లేటెక్స్ చేతితొడుగులు పడనివారికి కివీ కూడా పడకపోయే అవకాశం ఉంది. పెదవులు ఉబ్బడం, ఒంటిపై దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే ఇంట్లో ప్రయోగాలు చేయకుండా వెంటనే వైద్యుల దగ్గరకు వెళ్లాలి.

సుధాకర్_77
ఆక్టినిడిన్ అంటే గుర్తొచ్చింది. తొక్కతో సహా కివీని పాలలో వేసి తిప్పి పెట్టాను, కాసేపు ఆగి తాగితే చేదెక్కింది. తొక్క వల్లే చేదు వచ్చిందా?

గోపాల్_వృక్షశాస్త్రం
తొక్క వల్ల కాదు. ఆ ఎంజైమ్ పాలలోని మాంసకృత్తులను ముక్కలు చేయడం వల్ల చేదు పుడుతుంది, తొక్క తీసినా అలాగే అవుతుంది. తిప్పిన వెంటనే తాగండి. కానీ మిక్సీ కాబట్టి గొంతు సంగతి పైన చెప్పిందే.

రమణ_కె
నాకు కిడ్నీలో కాల్షియం ఆక్సలేట్ రాయి ఏర్పడి తీశారు. తొక్కలో ఆ సూదులు ఎక్కువంటున్నారు కదా, కివీ పూర్తిగా మానేయాలా?

గోపాల్_వృక్షశాస్త్రం
గుచ్చే సూదులు అప్పటికే కాల్షియంతో బిగిసి ఉంటాయి, నీటిలో కరగవు. కాబట్టి అవి పేగు నుంచి రక్తంలోకి పెద్దగా చేరవు. మీరు జాగ్రత్తపడవలసింది కరిగే రూపంలో ఉన్న ఆక్సలేట్ గురించి.

శ్రీవిద్య (పోషకాహారం)
అయినా రాయి వచ్చిన చరిత్ర ఉన్నవారు తొక్క వదిలేయడమే మేలు. వైద్యులు ఒప్పుకుంటే గుజ్జును పాలు, పెరుగు వంటి కాల్షియం ఉన్న ఆహారంతో పాటు తినండి. కరిగే ఆక్సలేట్‌లో కొంత పేగులోనే కాల్షియంతో కలిసి బయటికి పోతుంది.

పండ్లరాఘవ
ఇంత భయపెడితే జనం పండ్లే మానేస్తారు. ఆరోగ్యవంతులకు తొక్క హాని చేయదని ఒక్క వాక్యం రాయడానికి మీకు అభ్యంతరం ఏమిటి?

శ్రీవిద్య (పోషకాహారం)
అభ్యంతరం లేదు. అలర్జీ, రాళ్ల సమస్య లేనివారు కడిగిన తొక్కను నిశ్చింతగా తినవచ్చు. నా అభ్యంతరం విటమిన్ సి మాట మీదనే, దాన్ని మీరు ఇంకా వెనక్కి తీసుకోలేదు.

లతామాధవి
పెదవులు ఉబ్బలేదు, దురద లేదు, గొంతు గుచ్చుడు ఒక్కటే. ఈసారి పసుపు రకాన్ని బాగా మగ్గనిచ్చి, రుద్ది కడిగి, మిక్సీ జోలికి పోకుండా పలుచని చక్రాలుగా తొక్కతోనే కోసి కొంచెం తిని చూస్తాను. మళ్లీ గుచ్చుకుంటే ఆకుపచ్చ పండును సగానికి కోసి చెంచాతో గుజ్జు తీసుకుని తింటాను.

విమల_తల్లి
చూడండి, కానీ ఆ సమయంలో ఇంట్లో మరొకరు తోడు ఉండేలా చూసుకోండి.